ఈజ్ తర్వాతి మాట

మా బావ ఎవరి మాటా చివరిదాకా వినడు. బావమరిదిని కాబట్టి నోటికొచ్చిన నింద వేస్తున్నానని అనుకోకండి. మా అక్కని అడిగినా ఇదే చెబుతుంది, ఇంకో నాలుగు కలిపి మరీ చెబుతుంది. ఎదుటివాళ్ళు "నిన్న బస్సులో ఏమైందంటే" అని మొదలుపెట్టేసరికి ఆయన "అసలు సంగతేమిటంటే" అని అందుకుంటాడు. ఇక అక్కణ్ణించి సంగతి ఆయనది, తల ఊపడం మనది. ఆయన లేనప్పుడు ఇంట్లో అందరం ఆయన్ని 'అసలాయన' అంటాం. ఉన్నప్పుడు అన్నా నష్టం లేదు. ఆ మాట మన నోట్లోంచి పూర్తిగా బయటపడేలోపే ఆయన ఇంకేదో అందుకుని ఉంటాడు.

నాకు కళ్ళద్దాల కొట్టుంది. మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు అద్దాలు మార్చుతూ, "ఇప్పుడు నయమా, ఇందాకే నయమా" అని అడిగి, వాళ్ళు తేల్చుకుని చెప్పేదాకా ఆగడం నా పని. తొందరపెడితే తప్పు అద్దం పెట్టుకుని వెళ్తారు, మళ్ళీ నా దగ్గరికే తలనొప్పితో వస్తారు. అందుకేనేమో బావ వాలకం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అలాగని ఆయన చెవిటివాడు కాదు. మనం చెప్పిన విషయం ఆయనకి ఎక్కదు గానీ, దాన్ని ఏ మాట తర్వాత ఏ మాట పెట్టి చెప్పామో మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటుంది. వృత్తి అలాంటిది మరి. ఉదయం కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెబుతాడు. మధ్యాహ్నం నుంచి పరీక్షల బోర్డుకి ప్రశ్నలు రాస్తాడు. అది పై స్థాయి ఇంగ్లీషు పరీక్ష. పెద్ద చదువులకీ, కొన్ని ఉద్యోగాలకీ ఆ సర్టిఫికెట్టు లేనిదే గుమ్మం దాటనివ్వరు. అందులో ఒక భాగం మా బావ సామ్రాజ్యం. ముందు ఒక వాక్యం ఇస్తారు. దాని కింద పెద్ద అక్షరాల్లో ఒక మాట ఇస్తారు. ఆ కింద ఇంకో వాక్యం, మధ్యలో ఖాళీతో. పెద్ద అక్షరాల మాటని మార్చకుండా వాడి, మొత్తం ఆరు మాటలు దాటకుండా, పై వాక్యం అర్థం చెడకుండా ఆ ఖాళీ నింపాలి. ఒక్కో దానికి రెండు మార్కులు. దిద్దేవాళ్ళకిచ్చే జవాబులో మధ్యన ఒక నిలువు గీత ఉంటుంది. గీతకి ఇటు సరిగ్గా ఉంటే ఒక మార్కు, అటు సరిగ్గా ఉంటే ఇంకో మార్కు.

ఆ భాగంలో కూడా ఆయన చేయి తిరిగింది నొక్కి చెప్పే వాక్యాల్లో. వాటి గురించి ఎంత చెప్పాడంటే, కళ్ళద్దాలు అమ్ముకునే నాకే కంఠతా వచ్చేశాయి. 'ఐ నీడ్ స్లీప్' అంటే నాకు నిద్ర కావాలి. అది ఒట్టి కబురు. 'వాట్ ఐ నీడ్ ఈజ్ స్లీప్' అంటే నాకు కావాల్సింది నిద్ర. అంటే నాకేదో కావాలని నీకు ముందే తెలుసు, అదేమిటో నువ్వు ఇంకోలా అనుకుంటున్నావు, కాఫీ కలిపి తెస్తున్నావు, అది తీసుకెళ్ళి లోపల పెట్టు. ఇంత సంగతి ఉందట అందులో. అలాగే 'ఇట్ వాజ్ ద డ్రైవర్ హూ టోల్డ్ మీ' అంటే నాకు చెప్పింది డ్రైవరు, నువ్వనుమానిస్తున్న మనిషి కాదు. 'ఆల్ ఐ డిడ్ వాజ్ ఆస్క్' అంటే నేను చేసిందల్లా అడగడం, దానికింత రాద్ధాంతం అక్కర్లేదు. ఇవన్నీ మనం ఇంట్లో పోట్లాడుకునేటప్పుడు రోజూ వాడేవేననీ, తీరా ఇంగ్లీషులో రాయమనేసరికి 'వాట్ డు ఐ నీడ్ ఈజ్' అని దాన్ని ప్రశ్నగా మార్చి పాడుచేస్తారనీ ఆయన బాధ.

"మొదటి సగం ఎదుటివాడికి తెలిసిందే. చూడాల్సింది ఈజ్ తర్వాత ఏమొచ్చిందో. మనిషి ప్రాణమంతా అక్కడుంటుంది" అనేవాడు. ఈ ముక్క మాత్రం నేను నా కొట్లో కూడా వాడుకున్నాను. వచ్చినవాళ్ళు అద్దాల గురించి ఎంత చెప్పినా చివర్లో వచ్చే మాట కోసం చూస్తాను.

మంచి వాక్యం ఊహించి రాస్తే అతికించినట్టు ఉంటుందట. నిజంగా ఎవరో అన్నదై ఉండాలట. అందుకని ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న పెన్సిలు, నాలుగు కాగితం ముక్కలు. మా అక్క ఒకసారి వంటింట్లోంచి, "ఈ ఇంట్లో నేను అడిగిందల్లా తలుపు సరిగ్గా పడే ఒక్క అలమారు" అని అరిచింది. ఈయన పరిగెత్తుకెళ్ళాడు. అలమారు కోసం కాదు, ఆ మాట మళ్ళీ అనిపించుకోవడం కోసం. అలమారు తలుపు ఇప్పటికీ తాడుతోనే కట్టి ఉంది. "నా తిట్లు కూడా పరీక్షకి పనికొస్తున్నాయిరా తమ్ముడూ, నాకే పనికిరావట్లేదు" అని అక్క నాతో నవ్వుతూనే అంది. అప్పట్లో మేమందరం నవ్వాం.

వాళ్ళకి ఒక్కతే కూతురు. మా మేనకోడలు తండ్రికి పూర్తిగా విరుద్ధం. మాట తక్కువ, ఓపిక ఎక్కువ. అది కాలేజీలో చేరిన ఏడాది మా బావ వాళ్ళ నాన్నగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పూర్తిగా పోలేదు. ఏదో చెప్పబోతాడు, మాట దొరకదు, నోరు తెరిచి వెతుక్కుంటూ ఉంటాడు. పెద్దాయన 'నీ' అనగానే మా బావ నీళ్ళు తెచ్చేవాడు. 'కి' అనగానే లేచి కిటికీ మూసేవాడు. పెద్దాయన చేత్తో పరుపుని కొట్టి మొహం గోడవైపు తిప్పుకునేవాడు. సాయంత్రాలు మనవరాలు దగ్గర కూర్చునేది. అది ఏమీ అందించేది కాదు, అలా చూస్తూ కూర్చునేదంతే. ఆ పిల్ల దగ్గర ఆయన కొన్ని మాటలు పూర్తిగా అన్నాడని అక్క చెప్పింది. ఏమన్నాడో మేమెవరం అడగలేదు. ఆరు నెలలు తిరక్కుండానే ఆయన పోయాడు.

కాలేజీ చదువు మధ్యలో ఉండగా ఒక ఆదివారం మా మేనకోడలు తండ్రి ముందు కూర్చుంది. నేను కూడా అక్కడే ఉన్నాను, అక్క కళ్ళద్దాల కాడ బిగించడానికి వెళ్ళాను. ఈ లెక్కల చదువు మానేస్తాననీ, మాట పోయినవాళ్ళకి మళ్ళీ మాట నేర్పే పనిలో చేరతాననీ చెప్పాలని అది వచ్చింది. చెప్పనిస్తేగా. "తాతయ్యకి మాట పడిపోయినప్పుడు" అని మొదలుపెట్టింది. బావ అందుకున్నాడు. తాతయ్య సంగతి ఇప్పుడెందుకన్నాడు. అసలు సంగతేమిటంటే ముందు డిగ్రీ పూర్తి చెయ్యమన్నాడు, తర్వాత ఏ దారిలో వెళ్ళాలో తను చూపిస్తానన్నాడు. ఏ దారి తర్వాత ఏ దారో వేళ్ళు మడిచి చూపించాడు. అది రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లు మూసుకుంది. మూడోసారి గొంతు పెంచకుండానే అంది.

"నేను నిన్ను దారి చూపించమనట్లేదు నాన్నా. నాకు కావాల్సింది, నేను చెప్పేది నువ్వు చివరిదాకా వినడం."

బావ ఆగిపోయాడు. నిజంగా ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో ఆయన అలా ఆగడం నేను చూడలేదు. అమ్మయ్య, ఇన్నాళ్ళకి తగలాల్సిన చోట తగిలిందనుకున్నాను. ఆ పిల్ల కూడా అలాగే అనుకుని ఉంటుంది, దాని మొహం కాస్త తేటపడింది.

"ఎంత బాగా అన్నావు. మళ్ళీ అను" అన్నాడు బావ. చేయి జేబులోని పెన్సిలు మీదికి వెళ్ళింది.

మా మేనకోడలు మళ్ళీ అనలేదు. ఆ వారంలోనే సంచీ సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది. మా ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా లోపలి గది ఖాళీ చేసి ఇచ్చింది. ఆ పిల్ల ఆసుపత్రిలో మాట నేర్పే విభాగంలో సహాయకురాలిగా చేరింది. రోగుల్ని చక్రాల కుర్చీలో తీసుకురావడం, బొమ్మల అట్టలు అందించడం, వాళ్ళు మాట వెతుక్కుంటున్నప్పుడు అందించకుండా ఆగడం. ఈ ఆఖరిది చాలామందికి చేతకాదనీ, ఈ పిల్లకి మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకపోయిందనీ అక్కడి పెద్ద చికిత్సకురాలు నా కొట్టుకి వచ్చినప్పుడు చెప్పింది. మా మేనకోడలు తండ్రితో మాట్లాడటం మాత్రం మానేసింది. పండక్కో పబ్బానికో అక్క వచ్చి చూసి వెళ్ళేది. బావ నాకు ఫోన్ చేసి "ఎలా ఉంది" అనేవాడు. నేను చెప్పబోయేసరికి ఆయనే చెప్పేసేవాడు, బాగానే ఉండి ఉంటుందిలే అని.

అలా మూడేళ్ళు గడిచాయి. ఆ విభాగంలోనే పూర్తి చికిత్సకురాలిగా శిక్షణ పొందడానికి మా మేనకోడలికి సీటు ఇస్తామన్నారు. పాఠాలూ పుస్తకాలూ అన్నీ ఇంగ్లీషులో కాబట్టి ఆ పై స్థాయి పరీక్ష ప్యాసై, నెలాఖరులోపు సర్టిఫికెట్టు చూపించాలి. లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. పరీక్షకి కట్టినట్టు అది తండ్రికి చెప్పలేదు, చెప్పొద్దని నాకూ మా ఆవిడకీ చెప్పింది. చెప్పకపోతే ఏమవుతుందో మాలో ఎవరికీ తెలియదు.

పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం అది మా బల్ల దగ్గర కూర్చుని, అన్నం ముందు పెట్టుకుని, తినకుండా నవ్వింది. మంచి నవ్వు కాదు.

"మావయ్యా, నాన్న నన్ను ప్రశ్నపత్రంలో పెట్టాడు" అంది.

నాకు అర్థం కాలేదు. చెప్పింది. వాక్యాలు మార్చే భాగంలో నాలుగోది. పైన ఇచ్చిన వాక్యం: 'ఐ డోంట్ వాంట్ యూ టు షో మీ ద వే, ఐ జస్ట్ నీడ్ యూ టు హియర్ మీ అవుట్.' నువ్వు నాకు దారి చూపించక్కర్లేదు, నేను చెప్పేది నువ్వు చివరిదాకా వింటే చాలు. దాని కింద పెద్ద అక్షరాల్లో 'వాట్'. ఆ కింద 'అయామ్ నాట్ ఆస్కింగ్ టు బి షోన్ ద వే', తర్వాత ఖాళీ, ఆ తర్వాత 'టు హియర్ మీ అవుట్'. రాయాల్సింది 'వాట్ ఐ నీడ్ ఈజ్ ఫర్ యూ' అని నాలాంటివాడికి కూడా తట్టింది. నువ్వేం రాశావని మా ఆవిడ అడిగితే మా మేనకోడలు కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు కొట్టు తెరవకుండానే బావ ఇంటికి వెళ్ళాను. ఆ రోజు నేను ఊరుకోదలచుకోలేదు. కూతురు ఏడవలేక అన్న మాటని పరీక్షలో పెట్టి అమ్ముకుంటావా, నీకు మనుషులు కనపడరా, వాక్యాలే కనపడతాయా అని మొదలుపెట్టాను. తమాషా ఏమిటంటే, ఈసారి ఆయన మధ్యలో అందుకోలేదు.

"తను పరీక్ష రాసిందా?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ప్రశ్నలు రాసేవాళ్ళు తమ దగ్గరి బంధువులెవరైనా పరీక్ష రాస్తుంటే ముందే బోర్డుకి తెలియజేయాలి. అప్పుడు వీళ్ళ ప్రశ్నలేవీ ఆ ప్రశ్నపత్రంలోకి రాకుండా చూస్తారు. ఒక ప్రశ్న రాసిన రోజుకీ అది పరీక్షలో కనపడే రోజుకీ మధ్య ఏళ్ళు నడుస్తాయి. మిగతా ప్రశ్నలు రాసేవాళ్ళు కూర్చుని దాన్ని చీల్చి చెండాడతారు, కొన్ని కాలేజీల్లో పిల్లల చేత రాయించి చూస్తారు, మరీ సులువైతే పారేస్తారు, మరీ కష్టమైనా పారేస్తారు. మిగిలింది ఎక్కడో భద్రంగా ఉండి, ఏ ఏడు బయటికొస్తుందో రాసినవాడికి కూడా తెలియదు. ఆ ఆదివారం తర్వాత రాసిన ఆ వాక్యాన్ని ఆయన అన్నిటికంటే జాగ్రత్తగా చెక్కాడట. అందరూ మెచ్చుకున్నారట. అది చెబుతున్నప్పుడు ఆయన గొంతులో గర్వం లేదు, అదొక్కటీ నాకు కొత్తగా ఉంది.

బోర్డుకి చెప్పాలన్నాడు. చెబితే ఏమవుతుందని అడిగాను. విచారణ అయ్యేదాకా అమ్మాయి ఫలితం ఆపేస్తారన్నాడు. నెలాఖరులోపు తేలకపోతే సీటు పోతుందని నేనన్నాను. ఆ పరీక్ష రాసింది ఈయన కూతురని మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు, ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు, నోరు మూసుకుని ఊరుకుంటే ఎవరి సొమ్మూ పోదు. ఎప్పుడూ మూసుకోని నోరు ఈ ఒక్కసారి మూసుకోమని బతిమాలాను. అక్క గుమ్మంలో నిలబడి అన్నీ వింది. దాని బతుకు రెండోసారి పాడుచెయ్యొద్దని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

బావ చాలాసేపు కాగితం ముక్కల్ని బల్ల మీద సర్దుతూ కూర్చున్నాడు. "ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తండ్రీకూతుళ్ళ పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ రోజు దొంగయ్యేది నేను కాదు, తను" అన్నాడు. నాకు కోపం తగ్గలేదు. ఆయన ఆ రోజే వెళ్ళి చెప్పేశాడు.

ఫలితం ఆపేశారు. మా మేనకోడలు ఆసుపత్రికి వెళ్ళేది, వచ్చేది, గోడ మీది క్యాలెండరు వైపు చూడకుండా తిరిగేది. "నాన్న నన్ను అడిగి చెప్పాల్సింది" అని ఒక్కసారి అంది. అడిగితే వద్దనేదానివా అంటే, "వద్దనేదాన్ని కాదు. అడగాల్సింది" అంది. నెల చివరి వారంలో విచారణకి పిలిచారు. తోడుగా ఒకరు రావచ్చన్నారు. నేను వెళ్ళాను.

చిన్న గది. పొడుగాటి బల్ల, నాలుగు కుర్చీలకి ఒక రంగు గుడ్డ, మిగతావాటికి ఇంకో రంగు. కిటికీ అవతల ఎవరో మెట్లు కడుగుతున్నారు, బకెట్టు జరిపినప్పుడల్లా చప్పుడు. బల్లకి అటు విచారణ అధికారిణి, నడివయసు మనిషి, చదివేటప్పుడు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుంటోంది. ఆవిడ అద్దం పవరు మార్చాల్సి ఉందని నాకు అర్థమైంది గానీ చెప్పే సందర్భం కాదు. పక్కన వివరాలు రాసుకునే ఉద్యోగి. బావ ఒక చివర కూర్చున్నాడు. కూతురు నా పక్కన కూర్చుంది. మూడేళ్ళ తర్వాత ఒకే బల్ల దగ్గర కూర్చోవడం. ఆయన ఒకసారి చూసి తల దించుకున్నాడు. అది చూడలేదు.

అధికారిణి అడగాల్సినవి అడిగింది. ఇంట్లో ప్రశ్నల గురించి మాట్లాడుకుంటారా, కాగితాలు ఎక్కడ పెడతారు, ఎప్పటినుంచి వేరే ఉంటున్నారు. జవాబులు నేను ఎక్కువ చెప్పాను, ఎందుకంటే మిగతా ఇద్దరూ చెప్పట్లేదు. ప్రశ్నపత్రంలో ఈయన రాసింది ఆ ఒక్క ప్రశ్నేనని ఆవిడ ముందే తేల్చుకుంది. ఇక మిగిలింది ఆ ఒక్క జవాబు. ముందే తెలిసినవాళ్ళు అచ్చుగుద్దినట్టు రాస్తారు కదా అంది. ఒక కాగితాన్ని బావ ముందుకి జరిపింది.

"మీ అమ్మాయి రాసిన జవాబు ఇది. మీ ప్రశ్నే కాబట్టి మీరే దిద్ది చెప్పండి."

బావ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. అలవాటుకొద్దీ చేయి జేబులోని పెన్సిలుకి వెళ్ళింది, ఆగి వెనక్కి వచ్చింది.

"వాట్ ఐ నీడ్ ఈజ్" అని చదివాడు. "గీతకి ఇటువైపు సరిగ్గా ఉంది. ఒక మార్కు."

అక్కడ ఆగాడు. నేను మెడ సాచి చూశాను. ఖాళీలో ముందు 'ఫర్ యూ' అని రాసి ఉంది. దాని మీద ఒక్క గీత, అడ్డంగా, తొందరేమీ లేకుండా కొట్టిన గీత. పైన ఇంకో మాట రాసి ఉంది.

"సమ్‌వన్" అన్నాడు బావ. మెట్ల మీద బకెట్టు జరిగిన చప్పుడు వినపడింది. "కొట్టేసింది లెక్కలోకి రాదు. వాట్ ఐ నీడ్ ఈజ్ సమ్‌వన్ టు హియర్ మీ అవుట్. నాకు కావాల్సింది, నేను చెప్పేది వినే మనిషి ఎవరైనా. వాక్యంగా తప్పేమీ లేదు. కానీ పైదానిలో ఉన్నది నువ్వు. ఇందులో నువ్వు లేదు. అర్థం మారింది. ఈ సగానికి మార్కు లేదు."

ఆయన పాఠం చెప్పే గొంతుతోనే మొదలుపెట్టాడు. చివరికొచ్చేసరికి ఆ గొంతు ఆయనది కాదు. ఈజ్ తర్వాత ఏమొచ్చిందో చూడమని జీవితమంతా ఊరందరికీ చెప్పిన మనిషి, ఆ చోట తన మీద కొట్టేసిన గీతని చూస్తూ కూర్చున్నాడు. ఆయన మీద నాకున్న కోపం ఎటుపోయిందో తెలియదు. జాలేసింది, అంతే.

అధికారిణి కళ్ళద్దాలు పైకి తోసి మా మేనకోడలి వైపు చూసింది. సరైన జవాబు తెలిసీ ఎందుకు కొట్టేశావని అడిగింది. ఆ పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"నిన్ను అడగడం మానేసి చాలా కాలమైంది నాన్నా. పరీక్ష కోసం అబద్ధం రాయబుద్ధి కాలేదు" అంది.

రాసుకునే ఉద్యోగి కలం ఎత్తి పట్టుకున్నాడు. అధికారిణి ముగించే పనిలో పడింది. ప్రశ్న ముందుగా తెలిసిన దాఖలా లేదంది. ఆ ఒక్క ప్రశ్న తీసేసి లెక్కగట్టినా అమ్మాయి ప్యాసేననీ, సర్టిఫికెట్టు రెండు రోజుల్లో ఇచ్చేస్తామనీ చెప్పింది. ఆ ప్రశ్నని ఇకముందు ఎక్కడా వాడరు. సొంతవాళ్ళ విషయంలో వాకబు చేసుకోలేదు కాబట్టి బావకి ఇక ప్రశ్నలు రాసే పని ఉండదు. చెప్పడానికి ఏమైనా ఉందా అని ఆయన్ని అడిగింది.

"అసలు సంగతేమిటంటే" అన్నాడు బావ.

ఇప్పుడు కూడానా అనుకున్నాను. కానీ ఆయన అక్కడే ఆగిపోయాడు. నోరు తెరిచి ఉంది, మాట రావట్లేదు. వాళ్ళ నాన్న మంచం మీద మాట వెతుక్కున్నప్పటి మొహం అదే. నేను ఏదో ఒకటి అందించబోయాను. మా మేనకోడలు బల్ల కింద నా చెయ్యి పట్టుకుని ఆపింది. అది అలా చూస్తూ కూర్చుంది, ఆసుపత్రిలో కూర్చున్నట్టే.

అధికారిణి కాగితాలు సర్దుకుని లేవబోయింది.

"కూర్చోండి మేడమ్. మా అమ్మాయి చెప్పడం ఇంకా అవ్వలేదు" అన్నాడు బావ. తర్వాత కూతురి వైపు చూశాడు. "మూడేళ్ళ కిందట ఎక్కడ ఆపానో అక్కణ్ణించి చెప్పు."

అధికారిణి ఆయన్ని చూసింది, ఆ పిల్లని చూసింది, గోడ గడియారం చూసింది. కూర్చుంది. బావ జేబులోంచి పెన్సిలు తీసి దూరంగా బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

మా మేనకోడలు వెంటనే మొదలుపెట్టలేదు. ఆయన ఆగుతాడో లేదో చూసింది. ఆయన ఆగాడు.

"తాతయ్యకి మాట పడిపోయినప్పుడు" అంది అది, "ఆయన 'కి' అంటే నువ్వు కిటికీ అనుకున్నావు నాన్నా. అది కిటికీ కాదు."